పేరు రాయవద్దన్న ఆవిడకు, ఇంకా కొందరికి

నిన్న సాయంత్రం రిలీవింగ్ లెటర్ చేతికి వచ్చింది. సోమవారం నాడు హైదరాబాద్‌లోనే ఒక ప్రోడక్ట్ కంపెనీలో బ్యాకెండ్ ఇంజినీరుగా చేరుతున్నాను. ఐదేళ్లు ఒక సర్వీసెస్ కంపెనీలో ప్రొడక్షన్ సపోర్ట్ చేసి, అందులో చివరి రెండేళ్లు ఈ మార్పు కోసమే కష్టపడిన నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే ఇది రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

ఈ రెండేళ్లూ అమ్మ, నా భార్య ఇంటి భారమంతా మోశారు. వాళ్లకు ఇక్కడ కృతజ్ఞతలు చెబితే నవ్వుతారు. నేను రాయవలసింది ఇప్పటివరకు ముఖం కూడా చూడని ఒకావిడ గురించి.

మొదటి ఎనిమిది నెలలు నేను దారి తప్పాను. మూడు సర్టిఫికెట్లు సంపాదించాను, వీడియోలు చూస్తూ ఒక షాపింగ్ సైటు కట్టి గిట్‌హబ్‌లో పెట్టాను. అటువంటి సైటు ప్రతి దరఖాస్తుదారు దగ్గరా ఉంటుందని నాకు అప్పుడు తోచలేదు. ఫోన్ చేసిన ఒకరిద్దరు రిక్రూటర్లు కూడా "మీది సపోర్టా, డెవలప్‌మెంటా?" అని అడిగి, జవాబు వినగానే పెట్టేశారు.

మా ప్రాజెక్టులో ప్రతి రిలీజ్ రాత్రీ అప్లికేషన్ బిగుసుకుపోయేది. రన్‌బుక్‌లో ఉన్నట్టే మేము రీస్టార్ట్ చేసి, టికెట్ మూసేసేవాళ్లం. ఒక రాత్రి మాత్రం రీస్టార్ట్ చేసే ముందు ఐదు నిమిషాలు ఆగి, మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో ఎవరు ఎవరిని ఆపుతున్నారో చూశాను.

```sql
SELECT pid, pg_blocking_pids(pid), query
FROM pg_stat_activity
WHERE cardinality(pg_blocking_pids(pid)) > 0;
```

రిపోర్టుల తెర ఒకటి ట్రాన్సాక్షన్ తెరిచి, SELECT నడిపి, దాన్ని ముగించకుండా వదిలేసింది. చదవడం ఎప్పుడో అయిపోయినా, ట్రాన్సాక్షన్ ముగిసేదాకా ఆ టేబుల్ మీద చిన్న తాళం ఉండిపోతుంది. రిలీజ్‌లో అదే టేబుల్‌కు ఒక కాలమ్ చేర్చే ALTER వచ్చింది. దాని పని క్షణంలో అయిపోతుంది గాని, అది మొదలుపెట్టాలంటే ఎవరితోనూ పంచుకోలేని పెద్ద తాళం కావాలి, అందుకని వరుసలో నిలబడింది. తమాషా ఆ తరువాతే ఉంది. ALTER వెనుక వచ్చిన మామూలు SELECTలు అన్నీ, మొదటి సెషన్‌తో వాటికి ఏ పేచీ లేకపోయినా, ALTER వెనకే వరుస కట్టాయి. రీస్టార్ట్ చేస్తే అప్లికేషన్ కనెక్షన్లు తెగి, మరిచిపోయిన ట్రాన్సాక్షన్ కూడా పోతుంది కనుక సమస్య మాయమవుతుంది. మాయమైనందువల్లనే మూడేళ్లుగా ఎవరూ కారణం వెతకలేదు.

క్లయింటు వివరం ఒక్కటీ బయట పెట్టకూడదు గనుక, ఇంటి దగ్గర నా సొంత లాప్‌టాప్‌లో మూడు టెర్మినళ్లు తెరిచి, ఊహించిన టేబుల్‌తో అదే పరిస్థితిని మళ్లీ సృష్టించాను. డేటాబేస్ మార్పులు నడిపే ఒక ఓపెన్ సోర్స్ పనిముట్టు ఇలాంటి ALTERను గడువేమీ పెట్టకుండా పంపుతుందని గమనించి, దాని పేజీలో ఇష్యూ రాశాను. నా ఇంగ్లీషుకు ముందుగానే క్షమాపణ కూడా చెప్పుకున్నాను.

ఆ పనిముట్టును నిర్వహించేవారిలో ఒకరు ఈవిడ. మన రాష్ట్రాల వారు కారు, నేనెవరో తెలియదు. "క్షమాపణ అవసరం లేదు, ఇంత స్పష్టమైన ఇష్యూ ఈ నెలలో ఇదే. దీన్ని మీరే సరిచేస్తారా?" అని రాశారు. ఐదేళ్లలో నన్ను ఎవరూ ఏదీ సరిచేయమని అడగలేదు, మూసేయమనే అడిగారు.

నేను పంపిన మొదటి మార్పు ఇంత మాత్రమే.

```sql
SET lock_timeout = '2s';
ALTER TABLE orders ADD COLUMN note text;
```

రెండు సెకన్లలో తాళం దొరక్కపోతే ALTER తప్పుకుంటుంది, పనిముట్టు వెంటనే మళ్లీ ప్రయత్నిస్తుంది. "ఆ రెండు సెకన్లలో వెనుక నిలబడేది ఎవరు?" అని ఆవిడ అడిగారు. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు, ఆగకుండా ప్రయత్నిస్తే బిగుసుకుపోవడాన్ని ముక్కలు చేసి మళ్లీ అదే ఇస్తున్నానని. ప్రయత్నాల మధ్య విరామం పెట్టి, అది ప్రతిసారీ పెరిగేలా మార్చి, పదిసార్ల తరువాత స్పష్టమైన సందేశంతో ఆగిపోయేలా చేశాను. తరువాత నా టెస్టు ఒకసారి నెగ్గుతూ ఒకసారి ఓడుతూ ఉంటే, ఒక సెకను నిద్రపుచ్చడం మీద ఆధారపడవద్దని, తాళాల జాబితా చూపే pg_locksలో granted విలువ false అయ్యేదాకా, అంటే ALTER నిజంగా వరుసలో నిలబడేదాకా చూసి, అప్పుడు ముందుకు వెళ్లమని చెప్పారు. మూడు వారాల్లో 17 వ్యాఖ్యలు రాశారు, ఒక్కదానిలోనూ విసుగు లేదు.

రిలీజ్ నోట్స్‌లో నా పేరు చేర్చారని రాత్రి మూడింటికి షిఫ్ట్‌లో ఉండగా చూశాను. బ్రిడ్జి కాల్ మ్యూట్‌లో పెట్టి వాష్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆ తరువాతి ఏడాదిలో మరో ఐదు మార్పులు పంపాను, అన్నీ తాళాలు, గడువుల చుట్టూ తిరిగేవే. నా రెజ్యూమె చూపించమని ఆవిడే అడిగి, "1,200 టికెట్లు పరిష్కరించాను" అన్న వాక్యం కొట్టేసి, "వీటిలో మీరు అడుగుదాకా వెళ్లింది ఏది?" అని పక్కన రాశారు. ఆ ఒక్క ప్రశ్నతో రెజ్యూమె మొత్తం తిరగరాశాను. ఒక ఆదివారం గంటన్నరసేపు ఫోన్‌లో నన్ను ఇంటర్వ్యూ చేశారు. వెనుక కుక్కర్ విజిల్ వినిపిస్తూనే ఉంది.

ఈ మార్పులు అన్ని తలుపులూ తెరిచాయని చెప్పను. రెండు కంపెనీల్లో కోడింగ్ రౌండ్‌లోనే పోయాను, గిట్‌హబ్ ఎవరూ తెరవలేదు. ఆ రౌండ్‌కు వేరే సాధన చేయక తప్పలేదు. మూడో కంపెనీలో మాత్రం, ఆ రౌండ్ దాటిన తరువాత, ఒక ఇంజినీరు ఆ 17 వ్యాఖ్యల పేజీని తెర మీద పెట్టి, దాదాపు యాభై నిమిషాలు దాని గురించే అడిగారు.

ఒక బాధ మాత్రం దాచుకోలేను. సొంత సమయంలో, సొంత లాప్‌టాప్‌లో చేసే పనికి కూడా మా ఉద్యోగ ఒప్పందం ప్రకారం రాతపూర్వక అనుమతి కావాలన్నారు. ఆ ఒక్క ఈమెయిలుకు ఐదు వారాలు పట్టింది, అంతదాకా ఆవిడ నా మొదటి మార్పును తెరిచే ఉంచారు. నోటీసు 90 రోజులు. ముందు వచ్చిన ఒక ఆఫర్ అన్ని రోజులు ఆగలేమని చేజారింది. క్లయింటు నుంచి పని తగ్గితే మనల్ని బెంచీకి మార్చడానికి వాళ్లకు ఒక్క పూట చాలు, మనం వెళ్లడానికి మాత్రం మూడు నెలలు కావాలి.

ఆవిడకు ఏమైనా పంపుతానంటే వద్దన్నారు. పేరు కూడా రాయవద్దన్నారు. మేడమ్, ఇది మీకు తెలుగులో అర్థం కాదు, అయినా రాశాను.

అయ్యో, మరిచాను. ఇంటర్వ్యూల నెలలో నా రాత్రి షిఫ్టులు నాలుగు తీసుకున్న మా టీమ్ తమ్ముడికి కృతజ్ఞతలు. రిఫరల్ ఇచ్చిన కాలేజీ సీనియర్ అన్నకు కూడా. కోడింగ్ రౌండ్ లెక్కలు ఓపికగా చెప్పిన పాత రూమ్మేట్‌ను ఎలా మరిచానో! ఇంకా తెల్లవారుజామున క్యాబ్‌లో నేను ఫోన్‌లో కోడ్ చదువుకుంటుంటే పాటల సౌండ్ తగ్గించిన డ్రైవర్ అన్న, పేరు అడగనే లేదు.