వరద హ్యాష్‌ట్యాగ్‌లో చీరల ఆఫర్లు ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలయ్యాయి, విజయవాడలో మళ్లీ బుడమేరు మాట వినిపిస్తోంది, అందుకే ఈ ఉత్తరం. 2024 సెప్టెంబరు 1న సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పిన్నీ బాబాయీ పై అంతస్తులో ఇరుక్కుపోయారు. కరెంటు లేదు, ఫోన్‌లో చార్జింగ్ అయిపోతోంది. నేను గుంటూరులో కూర్చుని, పడవలు ఎందాకా వస్తున్నాయి, పాల ప్యాకెట్లు ఎక్కడ పంచుతున్నారు అని వరద పేరుతో ఉన్న హ్యాష్‌ట్యాగ్‌లన్నీ వెతుకుతున్నాను. ఎవరో తల్లికి ఇన్సులిన్ కావాలని వీధి పేరుతో సహా పెట్టిన పోస్టు, దాని కింద ఇంకెవరో ‘వాళ్లను బయటికి తెచ్చేశారు’ అని రాసిన జవాబు, సరిగ్గా ఆ తర్వాత ఒక బట్టల షాపు పోస్టు: ‘ఆఫర్ల వరద, చీరలపై తగ్గింపు’. అదే హ్యాష్‌ట్యాగ్‌తో. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడని మనవాళ్లు అనేది ఇలాంటి వాళ్లనే.

నాకు కోపం రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. నేను చేసేదీ అదే పని. బట్టల షాపులకు, స్వీట్ షాపులకు సోషల్ మీడియా పేజీలు నడుపుతాను. కాబట్టి ఆ పోస్టు ఎలా పుట్టి ఉంటుందో ఊహించగలను. పొద్దున్నే ట్రెండింగ్‌లో ఏముందో చూస్తారు, ఓనర్ గారు ‘మనం కూడా ఏదో ఒకటి పెట్టండి’ అంటారు, డిజైనర్ అరగంటలో బొమ్మ చేసి ఇస్తాడు. ఇందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండదు, కానీ ఆ హ్యాష్‌ట్యాగ్ నొక్కి లోపల ఏం నడుస్తోందో చదివినవాళ్లు కూడా ఒక్కరూ ఉండరు.

ఈ తప్పు పెద్ద కంపెనీలూ చేశాయి. 2014 సెప్టెంబరులో అమెరికాలో రే రైస్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు తనకు కాబోయే భార్యను లిఫ్ట్‌లో కొట్టిన వీడియో బయటపడింది. కొట్టించుకున్నా ఆమె అతన్నే ఎందుకు పెళ్లి చేసుకుందని జనం ఆమెనే తప్పుపట్టడం మొదలుపెట్టారు. అది చూసి బెవర్లీ గూడెన్ అనే రచయిత్రి, తాను ఒకప్పుడు ఆ నరకంలో ఎందుకు ఉండిపోయిందో #WhyIStayed అనే హ్యాష్‌ట్యాగ్‌తో చెప్పింది. వేలమంది ఆడవాళ్లు తమ కథలు రాశారు. పిల్లల కోసమని ఒకరు, వెళ్లడానికి చోటు లేక అని ఇంకొకరు. ఆ మాటల మధ్యలోకి డిజోర్నో అనే పిజ్జా కంపెనీ వచ్చి, అదే హ్యాష్‌ట్యాగ్ పెట్టి, ‘మీ దగ్గర పిజ్జా ఉంది కాబట్టి’ అని ట్వీట్ చేసింది. నిమిషాల్లోనే తీసేశారు, కానీ అప్పటికే స్క్రీన్‌షాట్లు వెళ్లిపోయాయి. హ్యాష్‌ట్యాగ్ దేని గురించో చదవకుండా పోస్టు చేశామని కంపెనీయే ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఆ తర్వాత కోప్పడిన వాళ్లకు ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబులు రాసింది. గుట్టుచప్పుడు కాకుండా తీసేసి ఊరుకోలేదు కాబట్టి ఆ ఒక్క విషయంలో వాళ్లను మెచ్చుకుంటాను. మన బట్టల షాపు వాళ్లు మాత్రం పోస్టు తీసేసి, అడిగిన వాళ్ల కామెంట్లు కూడా తీసేశారు.

ట్రెండింగ్ జాబితాలో మనకు మాట ఒక్కటే కనబడుతుంది, ఆ మాట ఎవరి నోటినుంచి వస్తోందో కనబడదు. అందుకే నేను హ్యాష్‌ట్యాగ్‌లోకి వెళ్లి కనీసం యాభై పోస్టులు చదివేదాకా ఓనర్‌కు ఏమీ చెప్పను. అది కూడా బాగా పాపులర్ అయినవి కాదు, కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని చదువుతాను. పాపులర్ పోస్టులు పొద్దుటివి అయి ఉంటాయి. పొద్దున జోకుగా మొదలైనది మధ్యాహ్నానికి ఒక చావు వార్తగా మారిపోవచ్చు. ఆ యాభైలో రెండు మూడు పోస్టుల్లో ఎవరైనా సాయం అడుగుతున్నా, ఏడుస్తున్నా, ఒక కులాన్నో ఆడవాళ్లనో కించపరుస్తున్నా నేను వద్దంటాను. మీమ్ అయితే ఆ బొమ్మ మొదట ఎక్కడిదో కూడా చూస్తాను. నవ్వొచ్చే ముఖం అని మనం వాడుకునేది ఎవరో మామూలు మనిషి ఏడుస్తున్నప్పుడు తీసిన వీడియోలోది కావచ్చు.

అయితే కొత్త పోస్టు ఆపడం ఒక్కటే సరిపోదు. చాలా పేజీలకు వారం రోజుల పోస్టులు ముందే షెడ్యూల్ చేసి ఉంటాయి. ఊరు మునిగిన రోజు ఉదయం తొమ్మిదికి ‘చల్లని వాన, వేడి వేడి బజ్జీలు, ఎంజాయ్!’ అని దానంతట అదే పడిపోతుంది. దాన్ని శుక్రవారమే రాసి పెట్టామంటే చదివేవాడు ఎందుకు ఒప్పుకుంటాడు? వార్త తెలియగానే ముందు షెడ్యూల్ అంతా ఆపాలి, డబ్బు కట్టి నడిపే యాడ్‌లు కూడా ఆపాలి. ఆ అధికారం ఆదివారం కూడా ఫోన్ ఎత్తే ఒక మనిషికి ఇచ్చి ఉంచాలి.

ట్రెండ్‌లో చేరడమే తప్పని నేను అనను. 2013లో అమెరికా సూపర్ బౌల్ మ్యాచ్ మధ్యలో స్టేడియంలో కరెంటు పోయి అరగంటకు పైగా ఆట ఆగిపోతే, చీకట్లో కూడా ముంచుకుని తినొచ్చని ఓరియో బిస్కెట్ వాళ్లు ఒక బొమ్మ పెట్టారు, జనం తెగ మెచ్చుకున్నారు. అక్కడ ఎవరికీ దెబ్బ తగల్లేదు, అందరూ ఖాళీగా కూర్చుని ఉన్నారు. పైగా ఏజెన్సీ వాళ్లు, సరే అనాల్సిన కంపెనీ వాళ్లు ఆ రాత్రి కలిసి పనిచేస్తున్నారు కాబట్టి నిమిషాల్లో తేలిపోయింది. మన దగ్గర ఓనర్ ఒప్పుకునేసరికి రెండు రోజులవుతుంది, ఆలోపు నవ్వు పాతబడుతుంది. అలాంటప్పుడు వదిలేయడమే నయం.

సంతోషంలో కూడా అడక్కుండా దూరకూడదు. 2021 ఆగస్టులో మన పీవీ సింధు టోక్యోలో కాంస్యం గెలిచిన వెంటనే, ఆమెతో ఏ ఒప్పందమూ లేని కంపెనీలు కొన్ని ఆమె ఫొటో పక్కన తమ లోగో వేసుకుని శుభాకాంక్షలు చెప్పాయి. ఆమె వ్యవహారాలు చూసే సంస్థ చట్టపరమైన చర్యకు దిగింది. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ కూడా అనుమతి లేకుండా అలా వాడటం తన నియమావళికి విరుద్ధమని చెప్పింది. మా దగ్గరి షాపులు చాలావాటికి ఈ సంగతే తెలియదు, శుభాకాంక్షలే కదా అనుకుంటారు. లోగో పడితే అది ప్రకటనే.

మీ పత్రిక ద్వారా మా ఊళ్ల వ్యాపార సంఘాలను ఒకటి అడుగుతున్నాను. తుపాను, వరద హెచ్చరిక వచ్చిన రోజు తమ సభ్యుల షాపుల పేజీల్లో ఆఫర్ పోస్టులు ఆపమని చెప్పండి. పోస్టు పెట్టి తీరాలనుకుంటే, ఆ నీళ్లలో ఉన్నవాడికి పనికొచ్చేది పెట్టండి. ఆ సెప్టెంబరులో ఒక మందుల షాపు ఏ హ్యాష్‌ట్యాగ్ హంగామా లేకుండా మూడు లైన్లు పెట్టింది: షాపు తెరిచే ఉంది, ఇన్సులిన్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేస్తే ఫ్లైఓవర్ దాకా తెచ్చిస్తాం. మా బాబాయి బీపీ మాత్రలు ఆ నంబరుకు ఫోన్ చేసి తెప్పించుకున్నవే.

— ఒక పాఠకురాలు, గుంటూరు