బొమ్మ పక్కన ఎవరి జీవితం రాస్తారు?

గౌరవనీయులైన రాష్ట్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గాజువాకలో వెల్డింగు పని చేసుకునే ఒక పెద్దాయన పాత బేరింగులు, సైకిలు గొలుసులతో కొంగలనూ పీతలనూ చేస్తారు. నగరంలో జరిగిన ఒక ప్రదర్శనలో ఆయన కొంగను విడిగా ఒక మూల గదిలో ఉంచి, పక్కన ‘అవుట్‌సైడర్ ఆర్ట్’, అంటే కళాశాల చదువు లేని బయటివారి కళ, అని చీటీ తగిలించారు. ఆయన చదువు ఏడో తరగతితో ఆగిందని ఆ చీటీలో ఉంది. కొంగ మెడ అంత బరువును ఎలా నిలబెడుతోందో మాత్రం లేదు. విశాఖలో ప్రభుత్వం నడిపే ప్రదర్శనశాలలకు ఈ అలవాటు పాకకూడదని మిమ్మల్ని కోరుతున్నాను.

ఈ పేరు 1972లో రోజర్ కార్డినల్ అనే బ్రిటిష్ పండితుడి పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. అసలు ఆలోచన అంతకు ముందుది. కళాశాలల వాసన సోకని కళ కావాలని 1945లో ఫ్రెంచి చిత్రకారుడు ద్యుబుఫే మానసిక వైద్యశాలల్లోని రోగులవి, ఒంటరి మనుషులవి బొమ్మలు సేకరించడం మొదలుపెట్టాడు. ఆ సేకరణతో 1976లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో మ్యూజియం తెరిచారు. ఆయన లేకపోతే వాటిలో చాలా బొమ్మలు చెత్తలో కలిసేవి. ఈ పేరును సమర్థించే చరిత్రకారులు చెప్పే ఈ మాట నిజమే, దాన్ని నేను కాదనను.

చిక్కల్లా ఎవరు లోపల, ఎవరు బయట అన్న గీత ఎక్కడ గీయాలన్న దగ్గరే వచ్చింది. చెప్పులు కుట్టి బతికిన షెసాక్ అనే ఫ్రెంచి కళాకారుడు ఎక్కడా చిత్రకళ చదువుకోలేదు. అయినా పేరున్న చిత్రకారులతో ఆయనకు పరిచయం ఉందన్న కారణంతో ఆయన బొమ్మలను ద్యుబుఫే ప్రధాన సేకరణ నుంచి తీసి అనుబంధ విభాగంలోకి మార్చారు. బొమ్మలు మారలేదు, వేసినవాడి పరిచయాలే లెక్కలోకి వచ్చాయి. ఈ పేరు కళను కాకుండా కళాకారుడి జీవితాన్ని వర్గీకరిస్తోందని మరికొందరు చరిత్రకారులు అభ్యంతరం చెప్పేది అందుకే. 2018లో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ స్వయంగా నేర్చుకున్నవారి పనిని, శిక్షణ పొందినవారి పనిని ఒకే ప్రదర్శనలో పక్కపక్కనే ఉంచింది.

మన దేశంలో దీనికి పెద్ద ఉదాహరణ చండీగఢ్ రాక్ గార్డెన్. దాన్ని కట్టిన నేక్ చంద్ దేశ విభజనప్పుడు ఇటు వచ్చి, ప్రజా పనుల శాఖలో రోడ్డు ఇన్‌స్పెక్టరుగా చేరారు. కొత్త నగరం కోసం కూల్చిన ఊళ్ల శిథిలాలను, పగిలిన పింగాణీని, గాజుల ముక్కలను సైకిలు మీద మోసుకెళ్లి, నిర్మాణాలు నిషేధించిన అటవీ భూమిలో రాత్రిపూట రహస్యంగా బొమ్మలు కట్టారు. సంవత్సరాల తరువాత అధికారుల కంట పడింది. కూల్చేసే అధికారం ఉండి కూడా వాళ్లు ఆయనకు జీతం, యాభై మంది పనివాళ్లను ఇచ్చి, 1976లో తోటను ప్రజలకు తెరిచారు. 1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగి, ప్రభుత్వ జీతం, ప్రభుత్వ పురస్కారం. ఇంత జరిగాక కూడా ప్రపంచం ఆయనను ‘అవుట్‌సైడర్’ అనే పిలుస్తోంది. ఆయన దేనికి బయట ఉన్నారో నాకు అర్థం కాదు.

మీ శాఖకు ఇది నేరుగా పనికొచ్చే విషయం. అలాంటి బొమ్మలకు లోపల ఇనుప చట్రం, దాని మీద సిమెంటు, ఆ పైన పెంకులు ఉంటాయి. తేమ లోపలికి దిగితే ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, సిమెంటు పగులుతుంది. ముందు చట్రం వెంబడి సన్నని గీతలు, ఎర్రటి మరకలు కనిపిస్తాయి, తరువాత పెంకులు రాలతాయి. సముద్రపు ఉప్పుగాలి ఉన్న విశాఖలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. లోపల ఏ ఇనుము వాడారో, సిమెంటు పాళ్లు ఎంతో, అతుకులు ఎలా వేశారో కళాకారుడు ఉండగానే రాసి పెట్టుకోకపోతే తరువాత మరమ్మతు చేసేవారు గుడ్డిగా తవ్వాల్సిందే. ‘అమాయకంగా, సహజంగా చేశాడు’ అని చీటీ రాసేవారికి ఈ ప్రశ్నలు తట్టవు. అతనికొక పద్ధతి ఉందని ముందు ఒప్పుకోవాలి కదా.

ఇంకొక పొరపాటు కూడా జరగకూడదు. పేరు మార్చమన్నారని వీళ్లందరినీ జానపద కళల జాబితాలో కలిపేయకండి. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసేవారు తరాలుగా ఒకరి దగ్గర ఒకరు పని నేర్చుకున్నవారు. అది గురువులున్న విద్య. గాజువాక పెద్దాయనకు వెల్డింగు నేర్పిన మేస్త్రి ఉన్నాడు గానీ, కొంగను చేయడం నేర్పినవారు లేరు. ఈ తేడాను చీటీలో ఒక్క వాక్యంలో చెప్పవచ్చు, దానికి వేరే గది అక్కర్లేదు.

విశాఖలో మీ శాఖ నిర్వహించే ప్రదర్శనలకు కళాశాల పట్టా అడగవద్దని ఉత్తర్వు ఇవ్వండి. ప్రతి కృతి పక్కన కళాకారుడి పేరు, సంవత్సరం, వాడిన పదార్థాలు, పని ఎక్కడ నేర్చుకున్నారన్న వివరం అందరికీ ఒకే వరుసలో రాయించండి. జీవితకథ చెప్పాలనుకుంటే పట్టా ఉన్నవారిది కూడా చెప్పించండి. ప్రభుత్వం కొనే ప్రతి శిల్పానికి, డబ్బు చెల్లించే ముందే, కళాకారుడిని కూర్చోబెట్టి తయారీ వివరాలు నమోదు చేసే బాధ్యతను ఒక అధికారికి అప్పగించండి.

భవదీయ,
విశాఖపట్నం నుంచి ఒక కళాభిమాని