పోస్టు ఎందుకు తీసేసావని అడగను

బుజ్జమ్మకు అమ్మ ఆశీస్సులు.

రాజులు మావయ్య కొడుకు రేపు హైదరాబాద్ వస్తున్నాడు. అతనితో సంచి పంపుతున్నాను. కేజీ జీడిపప్పు, మామిడి తాండ్ర, చిన్న సీసాలో ఆవకాయ ఉన్నాయి. జీడిపప్పు ఫ్రిజ్‌లో పెట్టుకో, బయట ఉంచితే పురుగు పడుతుంది. ఆవకాయ సీసా మూత గట్టిగా బిగించాను, అల్లుడు చేత తీయించుకో. ఫోన్‌లో చెప్పే మాటలే ఇవన్నీ. నువ్వు ఎత్తడం లేదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

ఇక్కడ అంతా బాగానే ఉన్నాం. నాన్న మోకాలికి ఆ నూనె రాస్తూనే ఉన్నారు, గుణం ఏమీ లేదు. పనసచెట్టు ఈసారి బాగా కాసింది. విజయనగరం పిన్ని ఫోన్ చేసింది. చేసి ఊరుకుందా? "అక్కా, మీ పెళ్లిరోజుకి బుజ్జమ్మ పోస్టు పెట్టి గంటలో తీసేసిందట, ఇంట్లో ఏమైనా గొడవా?" అంది. ఏ గొడవా లేదన్నాను. నిజంగా ఏమీ లేదు కదా? నేను అడగడం లేదు, పిన్నికి ఏం చెప్పానో చెబుతున్నాను.

పోస్టు ఉన్న ఆ గంటలోనే నాన్న చూసేశారు, అదీ నా బాధ. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. సాయంత్రం రాజులు మావయ్యకి చూపిద్దామని తెరిస్తే లేదు. ఫోన్ పాడైందనుకుని పలాసలో సెల్‌ షాపుకి తీసుకెళ్లారు. ఆ కుర్రాడు చూసి, "ఫోన్ బాగానే ఉంది మాస్టారూ, పెట్టినవాళ్లే తీసేశారు" అన్నాడట. ఇంటికొచ్చి ఆ సంగతి నాతో చెప్పి, మొక్కలకి నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయారు.

ఎందుకు తీసేసావో అడగనన్నాను, అడగను. నాకు తోచింది మాత్రం చెబుతాను. ఫిబ్రవరిలో మీ అత్తమామల పెళ్లిరోజుకి నువ్వు పెట్టిన పోస్టు నా ఫోన్‌లో ఇంకా ఉంది. "ఆయురారోగ్య అష్టైశ్వర్యాలతో నిండు నూరేళ్లు", "ఆదర్శ దంపతులు", "మీ ఆశీస్సులే మాకు శ్రీరామరక్ష" అని ఉంది. మాకు పెట్టినదాంట్లోనూ ఇవే మాటలు, ఇదే వరస. చివర్లో ఒకచోట "అత్తయ్యగారూ" అని కూడా ఉండిపోయింది. పెద్దప్ప కింద నవ్వు బొమ్మలు పెట్టింది. అందుకే తీసేసి ఉంటావు. అదే అయితే నవ్వేసి వదిలేయవే తల్లీ. అది కాక ఇంకేదైనా అయితే చెప్పు.

నాకు కోపం లేదు. కానీ తెలుగు పంతులమ్మని, పిల్లల వ్యాసాలు దిద్ది దిద్ది ఉన్నదాన్ని, చెప్పకుండా ఉండలేను. పోస్టులో పేర్లు చెరిపేసి పక్కింటివాళ్ల పేర్లు పెట్టి చూడు. అతికిపోయిందంటే అందులో మేము లేనట్టే. నీ పోస్టు రెండిళ్లకీ అతికింది. దీవెనలు పెళ్లిపందిట్లో పంతులుగారు చదువుతారు, మాకు ఆ రోజే అన్నీ అందాయి. కన్నబిడ్డ చెప్పాల్సింది ఆ పంతులుగారికి తెలియని సంగతి.

మళ్లీ పెట్టమని నేను అడగడం లేదు. పెట్టాలనిపిస్తే మాత్రం ఒక్క సంగతి రాయి, నువ్వు కళ్లారా చూసింది. మా పెళ్లి గురించి రాయకు, నువ్వు లేవు. నువ్వు రాసే సంగతిలో మేమిద్దరమూ ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. నాన్న నీకు సైకిల్ నేర్పడం బాగానే ఉంటుంది గానీ అది నాన్న పుట్టినరోజుకి పనికొస్తుంది. పెళ్లిరోజుకి కావలసింది ఆయన నాతో, నేను ఆయనతో ఎలా వేగుతున్నామో కనిపించే సంగతి.

తిత్లీ తుఫాను తెల్లారి టీ గుర్తుందా?

2018 అక్టోబర్. నువ్వు దసరా సెలవలకి వచ్చి ఉన్నావు. బుధవారం రాత్రి పెందలాడే కరెంటు తీసేశారు. నానమ్మ వెనక శ్లాబు గదిలోకి రానంటే రానని తన మంచం పట్టుకు కూర్చుంది. నాన్న ఆవిడని మంచంతో సహా లాక్కొచ్చారు. సాయంత్రమే గౌరి పలుపు విప్పేయమన్నాను నేను. తుఫానుకి కట్టేసి ఉంచితే పశువు తప్పించుకోలేదు, పాక మీద పడితే అక్కడే పోతుంది. విప్పితే పక్కవాళ్ల ఆనపపాదు తినేస్తుందని ఆయన వాదన. చివరికి అర్ధరాత్రి వానలో వెళ్లి విప్పింది ఆయనే. తడిసి వచ్చి, "నువ్వు చెప్పావని కాదు" అన్నారు.

మూడు దాటాక గాలి ఎత్తుకుంది. పలాస దగ్గరే తీరం దాటిందని, గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి వీచిందని మనకి తర్వాత ఎప్పుడో తెలిసింది. ఆ రాత్రి తెలిసింది చప్పుడే. పేకముక్కలు పంచుతున్నట్టు వంటింటి మీద పెంకులు ఒక్కొక్కటీ లేచిపోయాయి. వీధి తలుపుకి అడ్డంగా రుబ్బురోలు దొర్లించి, నువ్వూ నాన్నా వీపులు ఆనించి కూర్చున్నారు. నేను నానమ్మ కాళ్ల దగ్గర కూర్చుని తెలిసిన దేవుళ్లందరినీ తిట్టాను.

తెల్లారింది. గాలి తగ్గింది గానీ వాన తగ్గలేదు. వంటింట్లోకి వెళ్లి తలెత్తితే ఆకాశం. "టీ అయినా లేదా?" అని గదిలోంచి నానమ్మ. అగ్గిపెట్టె మెత్తగా నానిపోయింది, లైటర్ మాత్రం వెలిగింది. పాలు లేవు, ఉత్త డికాక్షనే. స్టవ్ మీద వాన పడకుండా నాన్న గొడుగు పట్టారు, ఒక పుల్ల విరిగిన ఆ నల్ల గొడుగే. గాలికి మంట ఆరిపోకుండా నువ్వు జంతికల డబ్బా మూత అడ్డం పెట్టి గొంతుకూర్చున్నావు. నీళ్లు కాగబోయేసరికి గొడుగు మెల్లగా నా తల మీదికి వచ్చింది. స్టవ్ మీద నీళ్లు పడి మంట సుయ్‌మని ఆరింది. "నన్ను కాదండీ, పొయ్యిని చూడండి!" అని అరిచాను. గొడుగు మళ్లీ పొయ్యి మీదికి వెళ్లింది. వెలిగించాను. కాసేపటికి మళ్లీ నా తల మీదే. మళ్లీ ఆరింది. నువ్వు ఆ మూత పట్టుకునే పకపకా నవ్వావు చూడు, రాత్రంతా వణికిన పిల్లవి. నీ నవ్వు విని నానమ్మ, "ఇల్లు పోయి ఏడవాల్సింది పోయి నవ్వులేటే" అని తిట్టింది.

ఇది రాయి. ఎలా రాయాలో కూడా చెబుతాను, విసుక్కోకు. "ఈరోజు మా అమ్మానాన్నల పెళ్లిరోజు" అని మొదలుపెట్టకు. నాలుగైదు లైన్లు దాటితే ఫోన్ మిగతాది దాచేస్తుంది, ఆ కాస్త చోటూ శుభాకాంక్షలకే ఖర్చయిపోతే లోపలికి ఎవరూ రారు. "తిత్లీ తెల్లారి మా వంటింటికి పైకప్పు లేదు. నాన్న స్టవ్‌కి గొడుగు పట్టారు, అమ్మ టీ పెట్టింది. మంట మాటిమాటికీ ఆరిపోయింది" అని మొదలెట్టు. ఎందుకు ఆరిందా అని రాజులు మావయ్య కూడా మిగతాది తెరుస్తాడు. గొడుగు పుల్ల, డబ్బా మూత వదలకు. నేను అరిచిన మాట అరిచినట్టే పెట్టు. దాన్ని "అమ్మ ప్రేమగా మందలించింది" అని మార్చావా, ఊరుకోను. పెళ్లిరోజని ఎక్కడో ఒకచోట ఒక్కసారి అంటే చాలు. "ఇదే నిజమైన ప్రేమ" అని ఆఖర్న తగిలించకు. గొడుగు ఎటు వాలిందో చదివినవాళ్లకి కనిపిస్తుంది.

పంచదారా బెల్లమా అని నాన్నని అడిగితే బెల్లం అంటారు. పంచదారే. డబ్బా అడుగున తడిసి ముద్దైనది గోకి వేశాను. ఎవరిది నిజమో నువ్వు తేల్చకు, ఇద్దరి మాటా రాసెయ్. ఇన్నేళ్ల కాపురంలో మేము ఒప్పుకోని లెక్కలు ఇలాంటివి చాలా ఉన్నాయి.

ఒక్కటి మాత్రం వద్దు. టీ తాగి నాన్న కొబ్బరితోటలోకి వెళ్లారు, వెనకే నువ్వూ వెళ్లావు. అక్కడ ఆయన్ని ఎలా చూసావో అది మన ముగ్గురి దగ్గరే ఉండాలి. పడిపోయిన చెట్లు ఆయన నాన్నగారు వేసినవి. కొత్త మొక్క వేస్తే కాపుకి ఆరేడేళ్లు. ఆ తర్వాత ఇంటి పైకప్పుకి నా గాజులు తాకట్టు పెట్టిన సంగతి కూడా రాయకు, పెద్దప్పకి ఇప్పటికీ తెలియదు. రాసింది పెట్టేముందు నాన్నకి చదివి వినిపించు. నవ్వితే పెట్టు. గొంతు సవరించుకుని లేచి వెళ్లిపోతే ఎక్కడో తోట వాసన తగిలిందన్నమాట, ఆ వాక్యం తీసెయ్.

ఫోటో కావాలంటే పెళ్లి ఫోటో వద్దు, అందులో నేను ఏడుస్తున్నాను, ఆయన ఎవర్నో వెతుకుతున్నారు. మొన్న సంక్రాంతికి పెరట్లో తీసింది పెట్టు, నేను చేట పట్టుకుని ఏదో అంటున్నాను, ఆయన అటు తిరిగి ఉన్నారు. నానమ్మ మాట రాసినచోట "కీర్తిశేషులు" అని పెట్టకు, ఆ పొద్దున ఆవిడ టీ కోసం అరుస్తోంది.

పెళ్లిరోజు దాటిపోయిందే అనుకోకు. ఇలాంటి సంగతికి తారీఖుతో పని లేదు. అత్తమామలకి కూడా వచ్చే ఏడు ఇలాగే ఒకటి రాయి. నువ్వు ఆ ఇంటికి కొత్త, నీ దగ్గర లేకపోతే అల్లుణ్ని అడుగు, అతని చిన్నప్పటిది ఏదో ఒకటి ఉంటుంది. అడిగితే మీ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఓ సంగతి దొరుకుతుంది. మాట్లాడుకుంటున్నారు కదా? పిన్ని అన్నదాన్ని బట్టి కాదు, ఊరికే.

రాత్రిళ్లు మేలుకోకు. పొద్దున్నే ఖాళీ కడుపుతో కాఫీ తాగకు. పెరుగు వేసుకుంటున్నావా, లేక ఇంకా ఆ పొడి అన్నమేనా? సంచిలో అడుగున నీ పాత శాలువా కూడా పెట్టాను, ఆఫీసులో ఏసీ అన్నావు.

ఆదివారం రాత్రి తొమ్మిదికి నాన్న ఫోన్ నుంచి చేస్తాను. నా నంబరు చూసి ఎత్తడం లేదేమోనని.

మీ అమ్మ