పన్నెండు ఇంటూ అంటే ఎన్ని?

సంపాదకులకు నమస్కారం.

పెట్టెలో విడి చెక్కలుగా వచ్చి, ఇంటికొచ్చాక మనమే బిగించుకోవాల్సిన ఫర్నిచర్ గురించి ఈ లేఖ. గుంటూరు బ్రాడీపేటలో మా సందులోకి కూడా ఆ పొడవాటి అట్టపెట్టెలు తరచూ దిగుతున్నాయి. లోపల ఒక పుస్తకం ఉంటుంది. అందులో అన్నీ బొమ్మలే, మాట ఒక్కటీ ఉండదు. అన్ని భాషలవాళ్లకూ అర్థమవ్వాలని అలా చేశారట. నేను ఇరవై ఎనిమిదేళ్లు పాలిటెక్నిక్‌లో ఇంజినీరింగ్ డ్రాయింగ్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ బొమ్మల్ని నేనే తప్పుగా చదివాను. ఎలా తప్పానో చెబితే ఇంకొకరికి పనికొస్తుందని, అమ్మేవాళ్లను ఒక మాట అడగాలని రాస్తున్నాను.

మనవరాలి కోసం పుస్తకాల అలమర కొన్నాం. ఎత్తు 180 సెంటీమీటర్లు, వెడల్పు 80. రెండు పక్క పలకలు, వాటి మధ్య పైన, కింద, నడుమ కదలకుండా బిగించే మూడు అడ్డ పలకలు, కావలసిన ఎత్తులో పెట్టుకునే రెండు అరలు, వెనక పల్చటి అట్ట. ఇంతే సరంజామా. మొదటి మెట్టు బొమ్మలో మూలన ఒక చిన్న గడి ఉంది. అందులో ఇనుప పిన్ను బొమ్మ, దాని పక్కన 12× అని అంకె. కింద పక్క పలక బొమ్మ, దాని పక్కన 2×. ఇలాంటి పలకలు రెండు, ఒక్కోదానికి పన్నెండు పిన్నులు అని నేను చదివాను. మొదటి పలకకు పన్నెండూ తిప్పి బిగించాను. రెండో పలక తీసేసరికి కవరు ఖాళీ! దుకాణానికి ఫోన్ చేసి, "సగం సామాను ఇవ్వలేదు" అని గట్టిగానే అన్నాను.

రెండు రోజులకు విజయవాడ నుంచి బిగించే కుర్రాడు వచ్చాడు. పలకను అటూ ఇటూ తిప్పి చూసి, "మాస్టారూ, కవరులో పన్నెండే ఉండాలి. మీకు పన్నెండూ వచ్చాయి. ఆరు వేయాల్సిన చోట పన్నెండు వేసేశారు" అన్నాడు. మిగతా ఆరింటికి చిల్లులు ఎక్కడివి అనుకుంటారేమో. ఆ పలక మీద రెండు వరసల్లో బోలెడు చిల్లులున్నాయి. అవి అరల కింద పెట్టే చిన్న మేకుల కోసం. అవీ 5 మిల్లీమీటర్లవే, పిన్నుల చిల్లులూ 5 మిల్లీమీటర్లవే. అందుకే పిన్ను అందులోనూ చక్కగా దిగింది. బొమ్మలో మాత్రం బాణాలు ఆరు చిల్లుల మీదకే ఉన్నాయి. మిగతావి ఊరికే సున్నాల్లా గీసి వదిలేశారు. అంకె చూశాక నేను బాణాలు లెక్కపెట్టలేదు. పరీక్షలో ఇలా చేస్తే పిల్లాడికి మార్కులు కోసేవాణ్ణి.

ఈ చిక్కుకు విరుగుడు పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. అక్కడ కవర్లలోని సామాను అంతా బొమ్మలతో, మొత్తం లెక్కతో ఉంటుంది. పిన్నులు మొత్తం 12 అని అక్కడ ఉండి, మెట్టులోని గడిలో కూడా 12× ఉంటే, ఆ అంకె ఆ మెట్టు మొత్తానికి. రెండు పలకలకు పంచుకోవాలి. మొత్తం 12 ఉండి, గడిలో 6× అని, పలక పక్కన 2× అని ఉంటే, ఒక్కో పలకకు ఆరు. కొందరు అలా వేస్తారు, కొందరు ఇలా వేస్తారు. పుస్తకాలన్నిటికీ ఒకే పద్ధతి లేదు. కాబట్టి గడిలోని అంకెను మొదటి పేజీతో పోల్చుకోవాలి, పలక మీద బాణాలు లెక్కపెట్టాలి. మా అలమరకే లెక్క వేసి చూడండి. అడ్డ పలకలు మూడు, ఒక్కోదానికి రెండు చివర్లు, చివరకు రెండు పిన్నులు. పన్నెండు సరిపోయింది.

తర్వాతి తప్పు మా అల్లుడిది. అడ్డ పలకకు అడుగున, చివరకు దగ్గరగా 15 మిల్లీమీటర్ల గుంటలు ఉంటాయి. వాటిలో గుండ్రటి లోహపు బిళ్లలు పెట్టాలి. పిన్నూ బిళ్లా కలిసిన ఈ జతను మన వడ్రంగులు మినీఫిక్స్ అంటారు. పక్క పలకకు బిగించిన పిన్ను తల, అడ్డ పలక అంచున ఉన్న చిల్లులోంచి లోపలికి వచ్చి ఈ బిళ్లలోకి దూరుతుంది. అప్పుడు స్క్రూడ్రైవర్‌తో బిళ్లను తిప్పితే అది పిన్ను తలను కొక్కెంలా పట్టి లోపలికి లాగుతుంది. బొమ్మలో ఇదంతా ఒక పెద్ద వృత్తంలో, భూతద్దంలో చూసినట్టు గీస్తారు. మా పుస్తకంలో ఆ వృత్తంలో రెండు బాణాలున్నాయి. ఒకటి బిళ్ల ముఖం మీద అచ్చుపోసిన చిన్న బాణం. రెండోది బిళ్ల చుట్టూ గీసిన వంపు బాణం.

అల్లుడు వంపు బాణం చూసి ముందే బిళ్లలన్నీ తిప్పేశాడు. దాంతో బిళ్ల నోరు పక్కకు తిరిగింది. పిన్ను లోపలికి రాదు. సుత్తి తెచ్చి కొట్టబోతుంటే కుర్రాడే ఆపాడు. అచ్చుపోసిన బాణం "నా నోరు ఇటు" అని చెప్పే గుర్తు. బిళ్లను గుంటలో పెట్టేటప్పుడు అది పిన్ను వచ్చే అంచు వైపే చూడాలి. వంపు బాణం తర్వాతి పనికి. రెండు పలకలూ ఒకదానికొకటి ఆనాకే తిప్పాలి, అదీ గడియారం ముల్లు దిశలో, దాదాపు అర చుట్టు. పట్టిందో లేదో చేతికే తెలుస్తుంది. మొదట వదులుగా తిరిగి, తర్వాత బిగుసుకుని ఆగితే పట్టినట్టు. ఎంత తిప్పినా గిర్రున తిరుగుతూనే ఉంటే, పిన్ను తల లోపలికి రాలేదు, లేదా పిన్నును సగమే బిగించారు. విప్పి చూడాల్సిందే. ఆగాక ఇంకా బలవంతం చేయకూడదు. రంపపు పొట్టుతో చేసిన బోర్డు అది, గుంట కింద మిగిలేది పల్చటి పొర. అది పగిలిందంటే బిళ్లకు పట్టు ఉండదు.

అడ్డ పలక తిరగబడటం గురించి కూడా ఒక మాట. ఒక పొడవాటి అంచుకు రంగు పట్టీ అంటించి ఉంటుంది, ఎదుటి అంచు పొట్టు కనిపించేలా పచ్చిగా ఉంటుంది. బొమ్మలో పచ్చి అంచును చుక్కలతోనో, బూడిద రంగుతోనో చూపిస్తారు. చాలామంది దాన్ని నీడ అనుకుంటారు. పచ్చి అంచు వెనక్కి పోవాలి. మేం ఒకటి ముందుకు పెట్టాం. మా ఆవిడ చూసి, "ఏమండీ, దీనికి పెచ్చు ఊడినట్టుందే" అనేదాకా గమనించలేదు.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది వెనక అట్ట కొట్టే ముందున్న బొమ్మ. అలమరను బోర్లా పడుకోబెట్టి, మూల నుంచి మూలకు రెండు గీతలు అడ్డంగా గీశారు, మధ్యలో సమానం గుర్తు. అది చూసి మా వీధిలో ఒకాయన, "ఇంటూ మార్కు పెట్టారు, ఇలా చేయొద్దని" అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేం. ఆ పుస్తకంలోనే రెండు పేజీల వెనక, చేయకూడని పనుల మీద అచ్చం అలాంటి ఇంటూ మార్కే ఉంది. ఇక్కడ మాత్రం రెండు కర్ణాలూ సమానంగా ఉండాలని దాని అర్థం. టేపు పట్టి కొలిస్తే మాది ఒకటి 197.5, రెండోది 196.5. సరిగా ఉంటే రెండూ 197 దగ్గర రావాలి. సెంటీమీటరు తేడా ఉందంటే అలమర తల పక్కకు సుమారు ఒక సెంటీమీటరు వాలినట్టు. ఎక్కువ కొలత వచ్చిన రెండు మూలల్నీ చేతులతో లోపలికి నొక్కితే సర్దుకుంది. ఆ తర్వాతే అట్టకు మేకులు కొట్టాలి. అలమరను మూలమట్టంగా నిలబెట్టేది ఆ పల్చటి అట్టే. వంకరగా ఉండగా కొట్టేస్తే వంకర అలాగే ఉండిపోతుంది. తలుపులున్న అలమరలకు రెండు తలుపుల మధ్య సందు పైన ఒకలా, కింద ఒకలా కనబడేది చాలాసార్లు ఇందుకే.

చివరి పేజీలో ముక్కోణంలో మీద పడుతున్న అలమర, కింద పిల్ల బొమ్మ. "పిల్లల్ని ఎక్కనివ్వొద్దు" అని చెబుతున్నారనుకుని పుస్తకం మూసేశాం. అది హెచ్చరికే, కానీ దాని కింద ఒక పని కూడా ఉంది. అలమర పై భాగాన్ని పట్టీతో గోడకు బిగించాలి. గోడ వైపు స్క్రూను చుక్కల గీతతో గీసి, పక్కన ప్రశ్నార్థకం వేశారు. తర్వాత అది చూసి, అదీ సామాను తక్కువొచ్చిందనుకున్నాం. ఎవరి గోడ ఎలాంటిదో తయారుచేసేవాడికి తెలియదు గనక గోడ స్క్రూ వాళ్లు ఇవ్వరు, మనమే కొనుక్కోవాలి. ఇటుక గోడకైతే డ్రిల్లుతో చిల్లు వేసి, ప్లాస్టిక్ ప్లగ్గు దించి, దానికి సరిపడే స్క్రూ వేయాలి. ప్లగ్గు ఇటుకలో కూర్చోవాలి, పైపై ప్లాస్టరింగులో కాదు. అమెరికాలో పిల్లల మీద బట్టల బీరువాలు పడి చనిపోతున్నారని 2022లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. మన పుస్తకంలో ఈ ముక్క ఆఖరి పేజీలో, అన్నిటికన్నా చిన్న బొమ్మగా ఉంది.

ఇక నేను అడిగేది. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ ప్రకారం, హాని జరగకుండా సరైన వాడకానికి తగిన సూచనలు ఇవ్వకపోతే తయారీదారు బాధ్యుడు. నా అలమర వంకరగా వచ్చిందంటే ఆ సెక్షన్ వర్తించదు, హాని జరిగితేనే. కానీ గోడ పట్టీ బొమ్మ అర్థం కాక ఎవరి పిల్లకైనా దెబ్బ తగిలితే, ఆ బొమ్మ తగిన సూచనేనా అన్న ప్రశ్న వస్తుంది. అంతదాకా రానివ్వడం దేనికి? విజయవాడ, గుంటూరుల్లో ఈ సామాను అమ్మే దుకాణాలవాళ్లు పెట్టెలో ఒక్క తెలుగు కాగితం వేయొచ్చు. గడిలోని అంకె మెట్టు మొత్తానికా, ఒక్కో పలకకా? బిళ్ల బాణం ఎటు చూడాలి? అడ్డగీతలు కొలతకా, వద్దనడానికా? గోడ స్క్రూ ఎవరు తెచ్చుకోవాలి? ఈ నాలుగూ రాస్తే చాలు, ఒక పక్క కూడా నిండదు. గోడకు బిగించే మెట్టును మాత్రం చివరన కాకుండా మొదటి పేజీలో వేయాలి. అలమర నిలబెట్టేశాక ఆఖరి పేజీని ఎవరూ సరిగా చూడటం లేదు. మేమూ చూడలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు,
బ్రాడీపేట, గుంటూరు.