ఆ పది నిమిషాల ఫోనుకు స్పీకరు తీయించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను పల్నాడు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. మా అమ్మాయి పదో తరగతి పూర్తిచేసి 2023 జూన్‌లో విజయవాడ శివార్లలోని ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో బైపీసీలో చేరింది. నీట్ కోచింగ్ కూడా అక్కడే. కాలేజీ పేరు రాయడం లేదు. నా గొడవ ఒక కాలేజీతో కాదు, హాస్టల్ పిల్లలను ఇంటితో ఫోనులో మాట్లాడనిచ్చే తీరుతో.

చేర్చిన రోజు ట్రంకు పెట్టెలో ఒక సీసాడు ఆవకాయ పెట్టాను. నూనె కారకుండా మూత మీద పాత చీర ముక్క చుట్టి, దారంతో రెండు ముళ్లు వేశాను. దసరా సెలవులకు పెట్టె ఇంటికి వచ్చింది. మాసిన బట్టలు తీస్తుంటే అడుగున సీసా కనిపించింది. గుడ్డ అలాగే ఉంది. నేను వేసిన రెండు ముళ్లూ అలాగే ఉన్నాయి. ఇడ్లీలోకి కూడా ఆవకాయ అడిగే పిల్ల నాలుగు నెలల్లో ఒక్కసారీ ఆ మూత తీయలేదు. ఏదో జరిగిందని నాకు తెలిసింది అప్పుడే, అదీ ఒక పచ్చడి సీసా వల్ల.

ఆ నాలుగు నెలల్లో కాలేజీ నుంచి నాకు కబుర్లు రాలేదని కాదు. ప్రతి సోమవారం మెసేజ్ వచ్చేది. భౌతికశాస్త్రంలో ఇన్ని, రసాయనశాస్త్రంలో ఇన్ని, వృక్షశాస్త్రంలో ఇన్ని, జంతుశాస్త్రంలో ఇన్ని, క్యాంపస్ ర్యాంకు ఇంత. రాని కబుర్లు వేరే ఉన్నాయి. సెప్టెంబరు రెండో వారంలో మా అమ్మాయిని పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కు మార్చారు. ఆ నెలలోనే కడుపునొప్పి అంటూ మూడుసార్లు సిక్ రూముకు వెళ్లింది. మూడుసార్లూ గ్యాస్ మాత్ర ఇచ్చి పంపారు. ఇవి రెండూ నాకు ఇంట్లో, సెలవుల్లో, ఒక్కో ముక్కా కూడదీసి అడిగితే తెలిశాయి.

సెక్షన్ మార్పు అంటే తరగతి గది మారడమని బయటివాళ్లు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ కాలేజీలో హాస్టల్ గదులు సెక్షన్ల వారీగా ఇస్తారు. సెక్షన్ మారితే అంతస్తు మారుతుంది, మంచం మారుతుంది, భోజనానికి వెళ్లే వేళ కూడా మారుతుంది. జూన్ నుంచి కూడబెట్టుకున్న ముగ్గురు స్నేహితురాళ్లు ఒక సాయంత్రంలో పై అంతస్తు వాళ్లయిపోయారు. పరుపు చుట్టుకుని మెట్లు దిగి వస్తుంటే ఎవరు దిగుతున్నారో, ఎందుకు దిగుతున్నారో హాస్టల్ మొత్తానికీ తెలుసు. మార్కులు తగ్గిన బాధ ఒకటి. అది చెప్పుకోవడానికి ఉన్న మనుషులు కూడా అదే రోజు పోవడం ఇంకొకటి. ఇంట్లో ఉండి చదివే పిల్లకు మొదటిది వస్తుంది కానీ రెండోది రాదు.

మరి తల్లివై ఉండి ఫోనులో కనిపెట్టలేదా అంటారు. ఆ ఫోను సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

వారానికి ఒకసారి, ఆదివారం సాయంత్రం, పది నిమిషాలు. ఫోను ఫ్లోర్ ఇన్‌చార్జి మేడమ్‌ది, ఆమె చేతిలోనే ఉంటుంది. స్పీకరు పెట్టి ఉంటుంది. వెనకాల ఇరవై మంది పిల్లలు వరుసలో నిలబడి ఉంటారు. 'బాగున్నావా?' 'బాగున్నా.' 'తింటున్నావా?' 'తింటున్నా.' 'టెస్టు ఎలా రాశావు?' 'పర్వాలేదు.' పది నిమిషాలిస్తే మేము నాలుగో నిమిషంలోనే పెట్టేసేవాళ్లం. మూడో ప్రశ్న టెస్టు గురించి అడిగింది నేనే. ఆ తప్పు కాలేజీ మీదకు నెట్టను.

జూలైలో మా అమ్మాయి ఏడ్చేది. 'అమ్మా, వచ్చి తీసుకెళ్లు' అనేది. మొదట్లో అందరికీ అలాగే ఉంటుందని చెప్పాను. సెప్టెంబరు చివర్లో ఏడుపు ఆగింది. అడగడమూ ఆగింది. 'హమ్మయ్య, అలవాటు పడింది' అని మా ఆయనతో అన్నాను. నా జీవితంలో నేను అన్న మాటల్లో వెనక్కి తీసుకోవాలనిపించే మాట అదొక్కటే.

అలవాటు పడిన పిల్లా, ఆశ వదులుకున్న పిల్లా ఫోనులో ఒకేలా వినిపిస్తారు. ఇద్దరూ ఏడవరు. తేడా మాటల్లో ఉంది, కానీ వెతకాలి. జూలైలో ఏడుస్తూనే మా అమ్మాయి బోలెడు చెప్పేది. పక్క మంచం పిల్ల గురక పెడుతుందట, సాంబారులో ముక్కలుండవట, కెమిస్ట్రీ సార్ ముక్కుతో మాట్లాడతారట. ఏడుపు మధ్యలో అంతమంది మనుషులు. సెప్టెంబరులో ఒక్క మనిషి కూడా లేడు. ఇంటి సంగతులూ అడగడం మానేసింది. మా గేదె ఈనిందో లేదో, తమ్ముడి చేతికి కట్టు విప్పారో లేదో, ఏదీ అడగలేదు. కుదురుకున్న పిల్ల ఫిర్యాదులు మానదు, వాటిలో కొత్త పేర్లు వచ్చి చేరతాయంతే. నా బడిలో పిల్లల్ని ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, ఇప్పుడు ఆలోచిస్తే అక్కడా అంతే. నా పిల్ల దగ్గరకు వచ్చేసరికి ఏడుపు లేకపోతే చాలనుకున్నాను.

దసరా సెలవుల్లో పది, పదకొండు గంటలు నిద్రపోయేది. లేచాక కూడా అలసటే. తమ్ముడు పెన్ను తీసుకున్నాడని విసిరికొట్టింది. తిరిగి వెళ్లాల్సిన రోజు దగ్గరపడేకొద్దీ కడుపునొప్పి ఎక్కువైంది. ఒక రాత్రి, 'నా ఫీజు డబ్బులు తమ్ముడికి దాచి ఉంటే బాగుండేది' అంది. సీసా సంగతి అప్పటికే మనసులో తొలుస్తోంది. మర్నాడు గుంటూరు తీసుకెళ్లి ఒక మానసిక వైద్యురాలికి చూపించాం.

ఆమె చెప్పినవాటిలో నాకు పనికొచ్చినవి మూడు మాటలు. ఈ వయసులో కుంగుబాటు ఎప్పుడూ దిగులుగానే కనిపించదు, చిరాకుగా, కడుపునొప్పిగా, తలనొప్పిగా, నిద్ర తేడాగా కూడా కనిపిస్తుంది. పిల్లను పక్కింటి పిల్లతో పోల్చకండి, ఆరు నెలల కిందటి తనతోనే పోల్చండి, ఆ తేడా రెండు వారాలు దాటి ఉంటే చూపించండి. మూడోది, నేను భారం, నేను లేకపోతే మీకు మేలు అనే ధోరణిలో ఏ మాట వచ్చినా రెండు వారాలు కూడా ఆగకండి, అప్పుడే కూర్చోబెట్టి చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని నేను భయపడ్డాను. అడగడం వల్ల పుట్టదని, అడిగితే చాలామంది పిల్లలకు బరువు దిగుతుందని ఆమె చెప్పారు.

అడిగాను. మా అమ్మాయి చాలాసేపు గోడకేసి చూసి, 'చావాలని కాదమ్మా, రాత్రి పడుకుంటే పొద్దున మెలకువ రాకపోతే బాగుండు అనిపిస్తుంది' అంది. ఈ మాట స్పీకరు ఫోనులో, ఇరవై మంది ముందు ఏ పిల్ల చెప్పగలదు?

మేము మళ్లీ హాస్టల్‌కు పంపలేదు. కట్టిన ఫీజులో సగం కూడా వెనక్కి రాలేదు. ఆ లెక్క వేరే ఉత్తరానికి సరిపోతుంది, ఇక్కడ వదిలేస్తున్నాను. మా ఊరికి దగ్గరలోని కాలేజీలో డే స్కాలర్‌గా చదివి ఇంటర్ పూర్తిచేసింది. ఎనిమిది నెలలు డాక్టరు దగ్గరకు తిరిగాం. నీట్ రాయనంది, సరేనన్నాం.

అయ్యా, విద్యార్థుల ఆత్మహత్యల విషయంలో కమిటీలకు కొదవ లేదు. ఉమ్మడి రాష్ట్రంలో నీరదారెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ. 2025 జూలై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది, చట్టం వచ్చేదాకా వాటిని పాటించి తీరాలంది. ఆ తీర్పుకు మూలమైన కేసు మన విశాఖపట్నానిదే. పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చి నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి 2023 జూలైలో హాస్టల్లో ఉంటూ ప్రాణం పోగొట్టుకుంటే, తండ్రి న్యాయం కోసం అక్కడిదాకా వెళ్లాల్సి వచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరు ఒక్కరైనా ఉండాలని కోర్టు చెప్పింది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయవద్దంది, కాకపోతే 'వీలైనంత వరకు' అంది. ఆ రెండు మాటల సందులోంచి ఎన్ని సెక్షన్లు దూరిపోతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కనీసం గదులనైనా సెక్షన్లతో ముడిపెట్టవద్దని మీ శాఖ ఒక్క ఉత్తర్వు ఇవ్వగలదు. దానికి కొత్త భవనం అక్కర్లేదు, ఖర్చు లేదు.

హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో కనబడాలని కూడా ఆ తీర్పులో ఉంది. ఈ మధ్య మా అక్క కొడుకును చూడటానికి ఇంకో క్యాంపస్‌కు వెళితే, సందర్శకుల షెడ్డు గోడ మీద టెలిమానస్ 14416 పోస్టరు చూశాను. మంచిదే. రాత్రీ పగలూ పనిచేసే నంబరు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. కానీ ఆ హాస్టల్లో పిల్లల దగ్గర ఫోను ఉండకూడదు. ఉన్న ఒక్క ఫోను ఇన్‌చార్జి చేతిలో ఉంది. ఆ నంబరు ఏ ఫోనులోంచి చేయాలో పోస్టరు మీద రాయలేదు.

అందుకే నేను అడిగేది చిన్నది. ప్రతి అంతస్తులో తలుపున్న ఒక చిన్న గదిలో ఒక ల్యాండ్‌లైను పెట్టించండి. 14416కీ, పిల్లలు రాసిచ్చిన రెండు ఇంటి నంబర్లకూ తప్ప మరెక్కడికీ పోకుండా చేయడం టెలిఫోను వాళ్లకు కష్టం కాదు, చదువు పాడవుతుందన్న వాదనకూ అది జవాబు. వారానికి రెండుసార్లు, స్పీకరు లేకుండా, పక్కన ఎవరూ లేకుండా మాట్లాడనివ్వండి. సోమవారం మార్కుల మెసేజ్ పంపే కాలేజీ, పిల్ల సిక్ రూముకు వెళ్లిన రోజున, రెండు పూటలు భోజనానికి రాని రోజున, సెక్షన్ మారిన రోజున కూడా అదే మెసేజ్ పంపాలని రాయించండి. ఆ లెక్కలన్నీ రిజిస్టర్లలో ఇప్పటికే ఉన్నాయి. నెలకోసారి తల్లినో తండ్రినో షెడ్డు దాటి గది దాకా రానివ్వండి. మేము ఏ పెట్టె అడుగునైనా చూడాలి కదా.

కాలేజీల తనిఖీకి వెళ్లినప్పుడు మీ అధికారులకు ప్రిన్సిపాల్ గదిలో టీ ఇస్తారు, ల్యాబులు చూపిస్తారు. మీరు ఒక ఆదివారం సాయంత్రం చెప్పకుండా వెళ్లండి. ఏ క్యాంపస్ అయినా సరే. నేరుగా ఫోను దగ్గరకు వెళ్లి, వరుసలో చివర నిలబడిన పిల్ల వంతు వచ్చేదాకా అక్కడే ఉండండి.

ఇట్లు,
ఇంటర్ చదివిన ఒక అమ్మాయి తల్లి
పల్నాడు జిల్లా