పీపీఓలో పేరున్న భార్యను వారసురాలిగా మళ్లీ రుజువు చేసుకోమంటే ఎలా? ఖజానా శాఖ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఖజానా, లెక్కల శాఖ డైరెక్టర్ గారికి,

నమస్కారం.

నేను మీ శాఖలోనే పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు కోనసీమలో ఒక లంక ఊళ్లో ఉంటున్నాను. ఊళ్లో పెన్షనరెవరైనా కాలం చేస్తే, పెద్దకర్మ అయిన మర్నాడో ఆ మర్నాడో వాళ్లింటి నుంచి నాకు కబురొస్తుంది, ఒకసారి వచ్చి కాగితాలు చూడమని. అలా ఈ మధ్య చూసిన ఒక కేసు గురించి మీకు రాస్తున్నాను. ఆఫీసు పేరుగానీ గుమాస్తా పేరుగానీ రాయడం లేదు. ఎవరిమీదో చర్య తీసుకోమని కాదు నేను అడిగేది.

పోయినాయన ఇరిగేషన్‌లో లస్కరు. లాకుల దగ్గర తలుపులు ఎత్తడం, దించడం, కాలువ గట్టు చూసుకోవడం ఆయన పని. రిటైరై చాలా ఏళ్లయింది. ఆగస్టు 11న కాకినాడలో ఒక ఆసుపత్రిలో పోయారు. ఆయన భార్య నాకు వరసకు వదినవుతారు. డెబ్బై దాటారు. సంతకం పెట్టగలరు గానీ ఆఫీసు భాష చదవలేరు. ఇంట్లో ట్రంకుపెట్టెలో పీపీఓ, అంటే పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు పుస్తకం ఉంది. 2022 జూలైలో గోదావరి లంకల మీదికి వచ్చినప్పుడు ఆ పెట్టె నీళ్లలో మునిగింది. పుస్తకం ఎండబెట్టారు గానీ పేజీలు అంటుకుపోయాయి. ఇద్దరూ కలిసి దిగిన ఫొటో ఉన్నచోట ఇప్పుడు తెల్లటి మరక ఉంది, ఒక మూల చీర అంచు మాత్రం కనిపిస్తుంది.

పీపీఓ రెండు భాగాలుగా ఉంటుందని మీకు చెప్పక్కర్లేదు. కానీ ఈ లేఖ చదివే చాలామందికి అది తెలియదు కాబట్టి రాస్తున్నాను. ఒకటి పెన్షనర్ చేతికిస్తారు, రెండోది సబ్ ట్రెజరీలో ఉంటుంది. ట్రెజరీలో ఉన్నదానిలో కూడా జాయింట్ ఫొటో, పుట్టుమచ్చలు, సంతకాల నమూనాలు ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా, పెన్షనర్ తదనంతరం ఎవరికి ఎంత ఇవ్వాలో పెన్షన్ ఖరారు చేసే ఆఫీసు అందులో ముందే రాసి పంపుతుంది. అంటే లస్కరుగారు రిటైరైన రోజే వదినగారి ఫ్యామిలీ పెన్షన్‌కు మంజూరు జరిగిపోయింది. ఇప్పుడు ట్రెజరీ తేల్చుకోవలసినవి రెండే: ఆయన పోయారా, వచ్చినావిడ పీపీఓలో ఉన్నావిడేనా.

ఆ రెంటికీ సరిపడా కాగితాలు కట్టి పంపాం. మరణ ధ్రువీకరణ పత్రం ఒరిజినల్, పీపీఓ పుస్తకం, ఆవిడ పేరున దరఖాస్తు, ఆవిడ ఆధార్, పాన్, ఆవిడ ఒక్కరి పేరునే ఉన్న ఖాతా పాస్‌బుక్ మొదటి పేజీ, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, పుట్టుమచ్చలూ సంతకం నమూనాలూ ఉన్న వివరాల పత్రం, వయసు రుజువు, ఎక్కువ చెల్లిస్తే తిరిగి కడతానన్న హామీ పత్రం, మళ్లీ పెళ్లి చేసుకోలేదన్న ధ్రువీకరణ. ఈ ఆఖరిదాని మీద సంతకం పెట్టేటప్పుడు వదినగారు నా వంక ఒక చూపు చూశారు. నిబంధన కదా వదినా అన్నాను. ఫొటోలూ వివరాల పత్రమూ అటెస్ట్ చేసింది మా పశువుల డాక్టరుగారు. లంకల్లో అందుబాటులో ఉండే గెజిటెడ్ ఆఫీసరు ఆయనొక్కరే.

మరణ ధ్రువీకరణ పత్రం దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. మనిషి ఎక్కడ పోతే అక్కడే మరణం నమోదవుతుంది. ఊరు కోనసీమదైనా, కాకినాడలో పోతే అక్కడి కార్పొరేషనే పత్రం ఇవ్వాలి. మా పంచాయతీ సెక్రటరీ చేయగలిగిందేమీ లేదు. ఇది తెలియక చాలామంది ముందు పంచాయతీ చుట్టూ తిరుగుతారు. ఆసుపత్రిలో పోతే 21 రోజుల్లోగా నమోదుకు పంపే బాధ్యత ఆసుపత్రిదే. వాళ్లు పంపారు కూడా. కానీ కేస్ షీట్‌లో మనవడు చెప్పిన పేరు రాసుకున్నారు. మా వైపు కాగితాల మీద సత్యనారాయణ అయితే ఊళ్లో సత్తిబాబే, మనవడికి కూడా అదే తెలుసు. పత్రం మీద పిలుపు పేరు పడింది. రిజిస్ట్రారుకు పీపీఓ, ఆధార్ చూపిస్తే సరిచేశారు, చట్టంలో దానికి వీలుంది. నా మాట వినేవాళ్లకు నేను చెప్పేదొకటే: ఆసుపత్రిలో చేర్చే రోజే ఆధార్ చూపించి పేరు రాయించండి.

ఇక ట్రెజరీ సంగతి. మొదట వెళ్లినప్పుడు చెప్పిన అభ్యంతరం పేరు. పీపీఓలో వదినగారి పేరు ముందు పొడి అక్షరాలున్నాయి. ఆధార్‌లో అవే అక్షరాలు వీర వెంకట అని పూర్తిగా ఉన్నాయి. బ్యాంకులో పేరు చివర అమ్మ చేరింది. అన్నవరం స్వామి పేరు కలపని ఇల్లు మా ప్రాంతంలో తక్కువ. ఈ తేడా మీద నోటరీ అఫిడవిట్ అడిగారు, ఇచ్చాం. తర్వాత వెళ్లినప్పుడు పుస్తకంలో ఫొటో కనబడటం లేదు, డూప్లికేట్ పీపీఓకు రాసుకోండి అన్నారు. నేను వెంట ఉన్నాను కాబట్టి మీ దగ్గరున్న సగం తీయండి బాబూ అన్నాను. తీశారు. ఫొటో శుభ్రంగా ఉంది. ఎడమ బుగ్గ మీద మచ్చ కూడా రాసి ఉంది. గుమాస్తా ఆ మచ్చ వైపు, వదినగారి మొహం వైపు చూసి తలూపాడు. మొదటిరోజే ఆ ఫైలు తీసి ఉంటే నోటరీ అఫిడవిట్ అవసరం కూడా పడేది కాదు.

అంతటితో అయిపోయిందనుకున్నాం. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇదే.

ఆ సర్టిఫికెట్ తహసీల్దారు ఇవ్వాలి. సచివాలయంలో దరఖాస్తు పెట్టాలి, వీఆర్వో వచ్చి విచారించాలి, చుట్టుపక్కలవాళ్ల చేత పంచనామా రాయించాలి, పిల్లలందరి ఆధార్లూ పెట్టాలి. వదినగారి చిన్నకొడుకు కువైట్‌లో ఉన్నాడు. కోనసీమలో సగం ఇళ్ల కథ ఇదే. అతని కాగితాలు వచ్చేదాకా ఇక్కడ పని కదలదు. ఇంతకీ ఆ సర్టిఫికెట్ దేనికి? వారసులెవరో తేల్చడానికి. ఫ్యామిలీ పెన్షన్‌ వారసులు పంచుకునే సొమ్ము కాదు, పీపీఓలో పేరున్న భార్యకు నేరుగా వచ్చేది. సర్టిఫికెట్ అవసరమయ్యేది లైఫ్ టైమ్ ఎరియర్స్‌కు, అంటే పెన్షనర్ బతికున్న చివరి రోజుదాకా రావలసి ఉండి ఆయనకు అందని పెన్షన్‌కు. అదీ నామినేషన్ లేనప్పుడు. పీపీఓలో భార్య పేరు లేకపోయినా, ఇద్దరు భార్యలమని వచ్చినా అది వేరే సంగతి, అప్పుడు ఎన్ని కాగితాలడిగినా తప్పులేదు.

ఈ కేసులో ఎరియర్స్ అసలు లేనే లేవు. లెక్క చూడండి. తేలిగ్గా ఉండటానికి కరువు భత్యంతో కలిపి ఆయన పెన్షన్ నెలకు 24,000 అనుకుందాం, పీపీఓ ప్రకారం ఆవిడకు రావలసింది 14,400. ఆయన పోయింది ఆగస్టు 11న. మరణించిన రోజుకూ ఆయన పెన్షనే వస్తుంది, మర్నాటి నుంచి ఫ్యామిలీ పెన్షన్ మొదలవుతుంది. అంటే ఆగస్టులో ఆయనకు 11 రోజులకు 8,516, ఆవిడకు 20 రోజులకు 9,290. మొత్తం 17,806. కానీ ట్రెజరీకి ఇంకా కబురు అందకముందే సెప్టెంబరు ఒకటిన ఆయన ఖాతాలో 24,000 పూర్తిగా పడ్డాయి, పెద్దకొడుకు ఏటీఎంలో తీసి కర్మకాండకు ఖర్చుపెట్టాడు. కాబట్టి ప్రభుత్వం బాకీ ఏమీ లేదు. వీళ్లే 6,194 రూపాయలు తిరిగివ్వాలి. ఇవ్వాల్సిన ఎరియర్సే లేనప్పుడు ఎరియర్స్ కోసం వారసుల సర్టిఫికెట్ ఎందుకండి?

దీని మీద ఇంకో మెలిక పెట్టారు. ఎక్కువ పడ్డ 15,484 చలానా కట్టి రసీదు తెస్తేనే ఫైలు కదుపుతామన్నారు. ఆవిడకు రావలసిన 9,290ని లెక్కలోకే తీసుకోలేదు. అది సర్దితే నికరంగా కట్టవలసింది 6,194 మాత్రమే. హామీ పత్రం తీసుకున్నది ఇందుకే కదా. మొదటి బిల్లులోనే పట్టుకుంటే ఎవరి చేతా చలానా కట్టించే పని ఉండదు. ఒకేసారి మొత్తం కట్టమంటే, ఆదాయం ఆగిపోయిన ఇంట్లో ఆ డబ్బు వడ్డీకి తేవాల్సిందే. ఆయన పోయిన సంగతి ట్రెజరీకి వెంటనే చెప్పాలని కుటుంబాలకు తెలియకపోవడం కూడా ఇందులో ఒక కారణమే, కాదనను. కానీ అది చెప్పాలని పీపీఓ పుస్తకం మీద తెలుగులో ఒక్క ముక్కయినా ఉందా?

ఆవిడ వయసు గురించీ ఒక మాట. 70 దాటిన ఫ్యామిలీ పెన్షనర్లకు అదనపు మొత్తం వస్తుంది. పీపీఓలో ఒక వయసు, ఆధార్‌లో ఒక వయసు ఉంటే అది ఎప్పటి నుంచి మొదలవుతుందన్నది తగువవుతుంది. అందుకే వయసు రుజువు మొదటి దరఖాస్తుతోనే పెట్టించాను. తర్వాత పెడదాంలే అనుకున్న ఇళ్లలో ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

మీరు చేయవలసింది కష్టమైనదేమీ కాదు, ఒక మెమో చాలు. భార్య లేదా భర్త పేరు పీపీఓలో ఉండి, ట్రెజరీ దగ్గరున్న భాగంలోని ఫొటో, గుర్తులు సరిపోతే, పేరులో పొడి అక్షరాల తేడాకు సబ్ ట్రెజరీ అధికారే అక్కడికక్కడ సంతకం చేసి ఒప్పుకోవాలి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడగాలంటే, ఎన్ని రూపాయల ఎరియర్స్ కోసం అడుగుతున్నారో కాగితం మీద రాసివ్వాలి. నామినేషన్ లేక, నిజంగా ఎరియర్స్ ఉన్నచోట కూడా ఫ్యామిలీ పెన్షన్‌ను దానితో ముడిపెట్టకూడదు, ముందు పెన్షన్ మొదలుపెట్టి ఎరియర్స్ బిల్లు తర్వాత చేసుకోవచ్చు. ఎక్కువ పడ్డ సొమ్ములో ఆవిడకు రావలసింది సర్ది, మిగిలింది వాయిదాల్లో పట్టుకోవాలి. అభ్యంతరాలేవైనా ఉంటే అన్నీ ఒకేసారి రాసిచ్చి, దరఖాస్తు అందినట్టు తేదీతో రసీదివ్వాలి. ఇప్పుడు నోటిమాటగా ఒక్కొక్కటి చెబుతున్నారు. నోటిమాట మీద అప్పీలు చేసుకునే దారి లేదు.

వదినగారి ఫైలు ఇంకా ఆ సర్టిఫికెట్ దగ్గరే ఆగి ఉంది. కువైట్ కాగితాలు వచ్చేలోపే మీ మెమో వస్తుందని ఎదురుచూస్తున్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఖజానా ఉద్యోగి,
కోనసీమ