రూపాయి వడ్డీ అని చెప్పి డెబ్బై పైసలు

సంపాదకుల వారికి నమస్కారం.

మా టంగుటూరు చుట్టుపక్కల పొగాకు వేలం డబ్బులు రైతుల చేతికి అందే రోజుల్లో బాండ్లు అమ్మే ఏజెంట్లు ఊళ్లలో తిరుగుతుంటారు. ఈసారి మా బావ దగ్గరికి ఒకాయన జీరో కూపన్ బాండు కరపత్రం పట్టుకొచ్చాడు. ఇవాళ 45,000 కడితే పదేళ్లకు లక్ష రూపాయలు వస్తాయి, మధ్యలో వడ్డీ ఏమీ ఇవ్వరు. కరపత్రం అడుగున పెన్నుతో "ఏడాదికి 12 శాతం పైనే" అని రాసిచ్చాడు. బావ నాకు ఫోన్ చేసి, "రూపాయి వడ్డీ గిట్టుబాటవుతోంది బావా, రెండు కాగితాలు తీసుకుందామా?" అన్నాడు. సహకార సంఘంలో ముప్ఫై ఏళ్లు లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి, కరపత్రం తెమ్మని చెప్పి క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుని కూర్చున్నాను.

ఈ బాండు మనకు కొత్త సంగతేమీ కాదు. బజారులో డైలీ ఫైనాన్స్ వాళ్లు వడ్డీ ముందే పట్టుకుని తొమ్మిది వేలు చేతిలో పెట్టి, పది వేలకు నోటు రాయించుకుంటారు కదా. ఇక్కడ అప్పిచ్చేది మనం, నోటు రాసిచ్చేది కంపెనీ. వాయిదాలు లేవు, మొత్తం ఒక్కసారే చివర్లో ఇస్తారు. ఎంత పెట్టి కొన్నాం, ఎంత వస్తుంది, ఎన్నేళ్లకు వస్తుంది అనే మూడూ కొన్న రోజే ఖాయమవుతాయి. కాబట్టి రాబడి కూడా ఆ రోజే ఖాయమైపోతుంది. ఏటా వడ్డీ చేతికొచ్చే బాండులో ఆ వడ్డీని మళ్లీ ఎంత రేటుకు వేసుకోగలమో ముందుగా తెలియదు. దీంట్లో ఆ బెంగ లేదు. ఆ మేరకు ఇది మంచిదే, నేను కాదనను.

మరి ఆ ఖాయమైన రాబడి ఎంత? ఏజెంటు లెక్క ఇదీ: లాభం 55,000, పదేళ్లకు పంచితే ఏడాదికి 5,500, అది 45,000 మీద 12 శాతం దాటుతుంది. ఇది బారువడ్డీ లెక్క. కానీ కంపెనీ ఏటా 5,500 మన చేతికివ్వడం లేదు. ఆ డబ్బు అక్కడే ఉండి, వడ్డీ మీద వడ్డీ పెరిగి లక్ష అవుతోంది. అంటే చూడాల్సింది చక్రవడ్డీ. 45,000ను 1.0831తో పదిసార్లు గుణించి చూడండి, లక్ష దగ్గరకొచ్చి ఆగుతుంది. మొదటి ఏడాది పెరిగేది 3,740 రూపాయలే, పదో ఏడాది పెరిగేది 7,670 పైచిలుకు. అసలు రేటు ఏడాదికి 8.31 శాతం. మన ఊరి భాషలో నెలకు నూటికి డెబ్బై పైసలు కూడా లేదు. నిజంగా 12 శాతం చక్రవడ్డీ అయితే ఆ 45,000 పదేళ్లకు లక్షా నలభై వేల దగ్గరికి చేరాలి. ఇదే మాట బావకు చెబితే కాసేపు మాట్లాడలేదు.

ఇంకో మాట కూడా ఆ ఏజెంటు చెప్పలేదు. ఖాయమైన రాబడి పదేళ్లూ ఉంచుకున్నవాడికే. అయిదో ఏట పిల్ల పెళ్లికి అవసరమై అమ్మాలంటే, 8.31 లెక్కన రావాల్సింది 67,000. అప్పటికి బజారులో ఇలాంటి బాండ్లకు 10 శాతం నడుస్తుంటే కొనేవాడు 62,000కు మించి ఇవ్వడు. 6 శాతానికి పడిపోయి ఉంటే 74,000 పైన పలుకుతుంది. అదీ కొనేవాడు దొరికితేనే. ఇక కంపెనీయే చెల్లించలేని స్థితికి వస్తే, ఏటా వడ్డీ తీసుకున్నవాడికి కొంతైనా ముట్టి ఉంటుంది, ఈ బాండు ఉన్నవాడికి అప్పటిదాకా ఒక్క రూపాయీ వచ్చి ఉండదు. అందుకే ఇచ్చేది ఎవరు, రేటింగ్ ఎంత అన్నది మామూలు బాండు కంటే దీనికి ఇంకా గట్టిగా చూసుకోవాలి.

పబ్లిక్ ఇష్యూల ఆఫర్ డాక్యుమెంటులో వివరాల పట్టిక ఉంటుంది. అందులో 'ఎఫెక్టివ్ యీల్డ్' అన్న చోట చక్రవడ్డీ రేటు అచ్చయి ఉంటుంది. కానీ రైతు చేతికి వచ్చేది ఆ డాక్యుమెంటు కాదు, కరపత్రం. కొన్న ధర, వచ్చే మొత్తం పక్కనే ఆ రేటును కూడా తెలుగులో, అంతే పెద్ద అక్షరాల్లో కరపత్రాల మీద అచ్చు వేయాలని సెబీ పట్టుబట్టాలి. మీ పత్రికలో ఇలాంటి ప్రకటనలు వేసేటప్పుడు మీరూ ఆ ఒక్క అంకె అడిగి వేయించాలని కోరుతున్నాను. వేలం ఇంకా నడుస్తోంది, ఆ ఏజెంటు ఇప్పుడు పక్క ఊళ్లో ఉన్నాడని విన్నాను.

ఇట్లు,
సహకార సంఘం విశ్రాంత గుమస్తా,
టంగుటూరు, ప్రకాశం జిల్లా